మీ అమ్మ సీటు గురించి, పెద్దమ్మ నుంచి

చిట్టీ,

మీ అమ్మని కాన్పుకి పిలిపించుకుంటున్నావని, అదీ ప్రీమియం ఎకానమీలో అని చెల్లెలు ఫోన్లో చెప్పింది. నీ సొంత సంపాదనతో అమ్మకి పెద్ద సీటు కొనాలన్న ఆలోచన వచ్చిందంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రి నాకు నిద్ర మాత్రం పట్టలేదు. ఎందుకో చెప్తాను.

నువ్వు పంపిన రేట్లు చూశాను. మామూలు టికెట్ రానూపోనూ లక్షా పది వేలు, పెద్ద సీటుది లక్షా తొంభై. అంటే ఒక్కో వైపు నలభై వేలు ఎక్కువ. అందులో హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా నాలుగు గంటలు ఎలాగోలా గడిచిపోతాయి. అసలు ప్రయాణం దుబాయ్ నుంచి డల్లాస్‌కి, దాదాపు పదహారు గంటలు. ఆ నలభై వేలూ దానికే అనుకుంటే గంటకి రెండున్నర వేలు. మొదటి విమానంలో ఆ క్లాసు ఉందో లేదో కూడా టికెట్‌లో చూసుకో, ఒక్కోసారి ఒక ముక్కకే ఇస్తారు.

ఆ డబ్బుకి ఏమొస్తుందంటే, పెద్ద బోయింగ్ 777 విమానంలో మామూలుగా వరసకి పది సీట్లుంటాయి, ఇక్కడ ఎనిమిదే, రెండు-నాలుగు-రెండుగా. భుజాలు రాసుకోవు. ముందు సీటుకీ మన సీటుకీ దూరం 31, 32 అంగుళాల నుంచి 38 దాకా పెరుగుతుంది. కానీ మీ అమ్మ ఐదడుగులు లేదు కదే, ఆ ఆరేడు అంగుళాలు పొడుగు మనుషులకి పనికొచ్చినంత తనకి పనికిరావు. పొట్టివాళ్ళ బాధ వేరు. పాదాలు నేలకి ఆనవు, సీటు అంచు తొడల వెనక కోసుకుపోతుంది. ఆ క్లాసులో పాదాలు పెట్టుకునే పలక, పిక్కల కింద ఆసరా ఉంటాయి చూడు, తనకి అసలు సుఖం అక్కడే. మామూలు సీటైతే హ్యాండ్‌బ్యాగు పాదాల కింద పెట్టుకోమను, సగం పని అయిపోతుంది. పడుకునే సీటని మాత్రం అనుకోకు, కాస్త వెనక్కి వాలుతుందంతే.

ఇంక నా సంగతి. 2014లో మీ అక్క కాన్పుకి నేనూ ఇదే దారిలో వెళ్ళాను. మబ్బులు చూద్దామని ఏరికోరి కిటికీ సీటు తీసుకున్నాను. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు దుప్పట్లు ముసుగేసుకుని పడుకున్నారు, వాళ్ళని లేపడానికి మొహమాటం. లేవాల్సొస్తుందని నీళ్ళు కూడా తాగలేదు. పదహారు గంటల్లో ఒక్కసారి లేచాను! దిగేటప్పుడు ఎడమ కాలు చెప్పులో పట్టలేదు. రెండు కాళ్ళూ వాచడం మామూలే, రెండు రోజుల్లో తగ్గుతుంది, కానీ నాకు ఒక్క ఎడమ కాలే. మూడో రోజుకి పిక్క గట్టిపడి, తాకితే వేడిగా ఉంది. నేనేం చేశానో తెలుసా, నువ్వుల నూనె వేడి చేసి గట్టిగా మర్దన చేసుకున్నాను. అలా అస్సలు చేయకూడదట. వారం తిరిగేసరికి మెట్లెక్కుతుంటే ఊపిరాడలేదు. ఆసుపత్రిలో స్కాన్ తీసి, పిక్కలో గడ్డకట్టిన రక్తం కొంత ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు. పొట్ట మీద ఇంజెక్షన్లు, తర్వాత మూడు నెలలు మాత్రలు. పసిబిడ్డని ఎత్తుకోవడానికెళ్ళి మీ అక్క చేత సేవ చేయించుకున్నాను. ఆ రాత్రి నర్సు నా చెయ్యి పట్టుకుని కూర్చున్న సంగతి మీ అక్కకి ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, పెద్ద సీటు కొన్నా ఆ ప్రమాదం పోదు. కదలకుండా కూర్చుంటే ఏ సీటైనా ఒకటే, పైగా హాయిగా ఉంటే ఇంకా లేవం. దారి పక్క సీటే తీసుకో. పెద్ద సీటు తీసుకుంటే మధ్య నాలుగింటిలో చివరిది తీసుకో, అప్పుడు ఎవరినీ లేపక్కర్లేదు. తనకి మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి మోకాలి కిందదాకా వచ్చే బిగుతు మేజోళ్ళ గురించి డాక్టర్‌ని ముందే అడగమను. వీల్‌చెయిర్ టికెట్ తీసుకునేటప్పుడే అడుగు, దానికి డబ్బులు తీసుకోరు.

నన్నడిగితే వెళ్ళేటప్పుడు మాత్రం పెద్ద సీటు కొను. దిగిన మర్నాటి నుంచే నీకు వండిపెట్టాలి, నడుం పట్టేస్తే ఎలా? తిరుగు ప్రయాణం గంట పైనే తక్కువ, ఇంటికొచ్చి పడుకుంటుంది, మామూలు సీటు చాలు. అలా కలిపి కొంటే రేటు సగానికి సగం తగ్గకపోవచ్చు, ముందు చూసుకో. డబ్బు సరిపోకపోతే ఏ బాధా వద్దు, దారి పక్క మామూలు సీటు కొని మిగిలింది నీ కాన్పు ఖర్చుకి దాచుకో.

సీటు నంబర్ ఖాయమయ్యాక నాకు వాట్సాప్ చెయ్యి. బయల్దేరే రోజు పొద్దున్నే నేనే వెళ్ళి, కూర్చునే మడమలు ఎత్తి దించడం దగ్గరుండి చేయిస్తాను. ఫోన్లో చెప్తే అది ఊఁ అంటుంది గానీ చెయ్యదు.

మీ పెద్దమ్మ