12 శాతం ఫ్లాట్ కంటే 14 శాతం రెడ్యూసింగ్ ఎందుకు చవక?

ఉద్యోగానికి సింగపూర్ వస్తున్న గుంటూరు సోదరుడొకరు, ఖర్చులకు 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటూ నా సలహా అడిగారు. గడువు 36 నెలలు. ఫైనాన్స్ కంపెనీ 12 శాతం ఫ్లాట్ అంటోంది, బ్యాంకు 14 శాతం రెడ్యూసింగ్ అంటోంది. తక్కువ శాతమే కదా అని ఆయన మనసు ఫైనాన్స్ వైపు లాగుతోంది.

మన గుంటూరు, విజయవాడ వాళ్లకు ఈ పొరపాటు సహజం. నోటు రాసి రూపాయి వడ్డీకి తెచ్చుకున్నప్పుడు, అసలు మొత్తం తీర్చేదాకా మన చేతిలోనే ఉంటుంది కనుక, నెలకు నూటికి రూపాయి అంటే నిజంగా రూపాయే. వాయిదాల అప్పులో మాత్రం అసలు నెలనెలా వెనక్కి వెళుతుంది. అయినా ఫ్లాట్ పద్ధతిలో 3 లక్షలూ చివరిదాకా మన దగ్గరే ఉన్నట్టు నెలకు 3,000 వడ్డీ వేస్తారు. సగం వాయిదాలు కట్టాక మిగిలే అసలు లక్షన్నర. దానిపై 3,000 అంటే అది రెండు రూపాయల వడ్డీ. ఆఖరి నెలలో మిగిలిన 8,333 మీద కూడా అదే 3,000!

లెక్క చూడండి. ఫ్లాట్‌లో మూడేళ్ల వడ్డీ 1,08,000, వాయిదా 11,333. బ్యాంకు చెప్పే రెడ్యూసింగ్ పద్ధతిలో వడ్డీ మిగిలిన అసలు మీదే. మొదటి నెల వడ్డీ 3,500 ఉన్నా, ఆ నెల అసలులో 6,753 తీరుతుంది కనుక రెండో నెల వడ్డీ 3,421కి దిగుతుంది. వాయిదా సుమారు 10,253, మొత్తం వడ్డీ దాదాపు 69,100. అంటే బ్యాంకులో సుమారు 39,000 మిగులుతుంది. విదేశంలో మొదటి ఏడాది ఆ డబ్బు విలువ ఎంతో నాలాంటి వాళ్లను అడగాలి. సింగపూర్ వచ్చిన కొత్తలో నేనూ చిన్న శాతం చూసి ఫ్లాట్ లోనుకే సంతకం పెట్టాను. ఎవరి ముందూ చేయి చాచకుండా తీర్చాను గానీ, జీతం పడిన వారానికే ఖాతా ఖాళీ అయ్యేది. ఇక్కడి ప్రకటనల్లో ఫ్లాట్ శాతం పక్కనే నిజంగా పడే వార్షిక వడ్డీని చూపే ఈఐఆర్ అనే అంకె ఉంటుందనీ, పోల్చవలసింది దాన్నేననీ అప్పుడు నాకు చెప్పేవారు లేరు. మీకు చెబుతున్నాను కనుక మీకు ఆ సాకు లేదు.

ఏ ఫ్లాట్ లోనుకైనా నిజమైన వడ్డీ రేటు స్ప్రెడ్‌షీట్‌లో క్షణంలో తేలుతుంది:

```
=RATE(36,-11333,300000)*12
```

జవాబు 21.2 శాతం దాకా వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే, 300000 బదులు చేతికందిన మొత్తం వేయండి, రేటు ఇంకా పెరుగుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ ఫీజులతో కలిపి ఏడాదికి పడే నిజమైన రేటును, అంటే ఏపీఆర్‌ను, చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. సంతకానికి ముందే అడిగి తీసుకోండి. జీతం కుదిరాక ముందుగా తీర్చే ఉద్దేశం ఉంటే, పన్నెండో వాయిదా తర్వాత ఎంత కడితే అప్పు మూసేస్తారో ఆ అంకెను కూడా కాగితం మీదే రాయించుకోండి. కొందరు మిగిలిన నెలల వడ్డీని కూడా అందులో కలిపేస్తారు.