ముఖ్య అతిథి పరిచయం: నాలుగు వాక్యాలు చాలు

అమ్మా, ఆశీస్సులు.

మీ ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవానికి, చీర నేతకు ముందు నూలు సిద్ధం చేసే ఆసు పనికి యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారు వస్తున్నారని, పరిచయం నీకు అప్పగించారని రాశావు. నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. మొదటి పేజీ నిండా "పరిచయం అక్కర్లేని వ్యక్తి", "ఎంత చెప్పినా తక్కువే" లాంటి మాటలే. అవన్నీ కొట్టేశాను. పేరు మార్చి ఇంకో అతిథికి చదివినా అతికే వాక్యం మల్లేశం గారికి అక్కర్లేదు.

రెండో పేజీలో ఆయన కథంతా రాశావు. తల్లి భుజం నొప్పి, యంత్రం కోసం పడ్డ కష్టాలు ఆయన నోటే వినాలని జనం వస్తారు. నువ్వు ముందే చెప్పేస్తే, ఆయన మైకు దగ్గరికొచ్చి మళ్లీ అదే చెప్పాలి. ఆ కథ ఎందుకు పెద్దదో తెలిసేలా చేయడం వరకే నీ పని. మీ కాలేజీ పిల్లల్లో చాలామంది ఆసు పోయడం చూసి ఉండరు. అది తెలియకపోతే ఆయన చేసిన పని విలువ వాళ్లకు అందదు. అందుకే నేనైతే ఇలా రాస్తాను:

"పోచంపల్లి చీర మీద ఆ డిజైన్ రావాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆడించాలి. తరాలుగా ఆ బరువు ఎక్కువగా ఆడవాళ్ల భుజాల మీదే పడింది. బడి చదువు మధ్యలోనే ఆగినా, ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి తల్లి లక్ష్మి గారి పేరు పెట్టిన చింతకింది మల్లేశం గారు ఈ రోజు మన ముఖ్య అతిథి."

చదవడానికి అర నిమిషం పడుతుంది. చప్పట్లు పేరు మీద పడతాయి కాబట్టి పేరు చివర్లోనే రావాలి. మన భాషలో "పెట్టిన", "చేసిన" అని కలుపుకుంటూ పోతే పేరు దానంతటదే చివరికి వస్తుంది. అయితే అలాంటివి రెండు మూడు దాటితే వినేవాళ్లకు వాక్యం మొదలు గుర్తుండదు. అందుకే అవార్డును అందులో ఇరికించలేదు. చెప్పాలనుకుంటే "2017లో పద్మశ్రీ అందుకున్నారు" అని విడిగా ఒక్క వాక్యం చాలు. ఆహ్వానపత్రంలో "పద్మశ్రీ మల్లేశం" అని వేశారు కదా, అది మార్చమని మీవాళ్లకు చెప్పు. పద్మ పురస్కారాన్ని బిరుదులా పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించకూడదని నిబంధన ఉంది.

రాసింది ముందురోజే ఆయనకు ఫోన్లో చదివి వినిపించు. తల్లి ప్రస్తావన ఉంది కాబట్టి అది మరీ ముఖ్యం. ఆయన వద్దన్న మాట మారుమాట లేకుండా తీసెయ్యి. వేదిక మీద పేరు చెప్పి కూర్చో. ప్రసంగానికి పిలవడం సభాధ్యక్షుల పని.