పాస్‌వర్డ్ అడగని పీడీఎఫ్‌కీ తాళం ఉండొచ్చు

“అన్నా, స్టేట్‌మెంట్ పాస్‌వర్డ్ లేకుండానే ఓపెన్ అవుతోంది. పోర్టల్ మాత్రం ఎన్‌క్రిప్టెడ్ అంటోంది. హన్మకొండ చౌరస్తాలో ప్రింట్ తీసి స్కాన్ చేయించనా?”

స్కాన్ వద్దు తమ్ముడూ. పేజీలన్నీ ఫొటోలైపోతాయి, సైజూ పెరుగుతుంది. అప్పుడు పోర్టల్ ఆ రెండు కారణాలతో రిజెక్ట్ చేయొచ్చు.

పీడీఎఫ్‌కు రెండు రకాల పాస్‌వర్డ్‌లు పెట్టొచ్చు. ఒకటి తెరవడానికి, ఇంకొకటి కాపీ, ఎడిట్ ఆపడానికి. నీ ఫైల్‌కు రెండోదే ఉన్నట్టుంది. అడోబ్ రీడర్‌లో ఫైల్ పేరు పక్కన `SECURED` కనిపిస్తే అదే.

స్టేట్‌మెంట్ నీదే కాబట్టి క్యూపీడీఎఫ్ అనే కమాండ్‌లైన్ టూల్‌తో ఆ తాళం తీసెయ్:

```
qpdf --decrypt in.pdf out.pdf
```

టెక్స్ట్ చెక్కుచెదరదు, సైజు దాదాపు అంతే. డిజిటల్ సంతకం ఉంటే మాత్రం చెల్లదు, ఒరిజినల్ దాచుకో.

కొత్త ఫైల్‌లో నీ పేరును మౌస్‌తో సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్. అక్షరాలు సరిగ్గా వస్తే, ప్రాపర్టీస్‌లో సైజు చూసి అప్‌లోడ్ చేసెయ్.