ఆఫీసు గ్రూపులో మీమ్: ఎక్కడిదాకా సరదా, ఎక్కడి నుంచి వేధింపు?

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఒక రాత్రి పని ఆలస్యమై, పాకాల వైపు మా ఊరికి పోయే ఆఖరి బస్సు తప్పిపోతే మా మేనేజరు తన కారులో దించారు. మరుసటి రోజు ఒక సహోద్యోగి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ‘ఆఖరి బస్సు పోయింది, ఇక నడకే గతి’ అని మీమ్ పెట్టాడు. నేనూ నవ్వాను. నన్ను టీమ్ ఇన్‌చార్జిని చేశాక ‘బస్సు తప్పినవాళ్లకే ప్రమోషన్’ అని పెట్టాడు. ఆపమని నేరుగా చెప్పినా, వారం తర్వాత ‘ఈ రోజు కూడా బస్సు లేదట’ అని మళ్లీ పెట్టాడు. నిలదీస్తే ‘బూతు ఒక్కటైనా ఉందా, చూపించు’ అంటున్నాడు. ఇది కేసు అవుతుందా, లేక నేనే ఎక్కువగా ఊహించుకుంటున్నానా? మీమ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను.

జవాబు: బూతు లేదన్న మాట అతనికి రక్షణ కాదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టాన్ని నిర్వచిస్తూ, నిందను వ్యంగ్యంగా చెప్పినా అది పరువునష్టమే కావచ్చని వివరణలోనే స్పష్టంగా చెబుతుంది. పేరు రాయకపోయినా, చదివినవాళ్లు అది ఎవరి గురించో గుర్తుపట్టగలిగితే చాలు. అలాగని మనసుకు కష్టం కలిగించిన ప్రతి మీమూ నేరం కాదు. చిరాకు పుట్టించే సందేశాలనూ శిక్షార్హం చేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. ఇప్పటికీ కొందరు ఆ సెక్షన్ పేరు చెప్పి బెదిరిస్తుంటారు కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

మీరు పంపిన మూడు మీమ్‌లనూ ఒకే గాటన కట్టకూడదు. ఇలాంటివి నా దగ్గరికి వచ్చినప్పుడు, చట్టంలో లేకపోయినా, నేను ముందుగా ఒక పరీక్ష పెడతాను: ఆ క్యాప్షన్‌లో మీ స్థానంలో ఒక మగ సహోద్యోగిని ఉంచి చదువుతాను. మొదటి మీమ్‌లో బస్సు తప్పింది ఏ సుబ్బారెడ్డికైనా సరే, నవ్వు అలాగే నిలుస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నది బస్సు తప్పిన కష్టమే. అది సరదా. మీరు కూడా నవ్వారు కాబట్టి దాన్ని ఫిర్యాదులో వేధింపుగా రాయకండి. బస్సు ప్రస్తావన ఎక్కడ మొదలైందో చెప్పడానికి మాత్రమే వాడండి. రెండో మీమ్‌లో మగ ఉద్యోగిని ఉంచితే వాక్యానికి అర్థమే మిగలదు. బస్సు తప్పడానికీ, ప్రమోషన్‌కూ మధ్య ఏదో జరిగిందని చదివేవాడు ఊహించుకుంటేనే అది జోక్ అవుతుంది. ఆ ఊహ మీ నడవడి మీద నింద.

అయితే ఇక్కడే చాలా ఫిర్యాదులు వీగిపోతాయి. ఆ రాత్రి సంగతి తెలియని జడ్జిగారికో, కమిటీ సభ్యులకో ‘బస్సు తప్పినవాళ్లకే ప్రమోషన్’ అన్నది అర్థం లేని వాక్యం. పైకి అమాయకంగా కనిపించే మాటకు గూఢార్థం ఉందని చెప్పేవారు, ఆ గూఢార్థం తెలియడానికి కావలసిన సంగతులు చదివినవాళ్లకు తెలుసునని కూడా రుజువు చేయాలి. ‘నాకు అలా అనిపించింది’ అంటే సరిపోదు. ‘మేము అది ఫలానా ఆమె గురించి, ఫలానా అర్థంలోనే అని గ్రహించాము’ అని గ్రూపులోని ఒకరిద్దరు చెప్పాలి. ఉద్యోగం చేసుకునేవాళ్లు రేపు ఆ మాట చెప్పడానికి వెనుకాడవచ్చు. కానీ మీ స్క్రీన్‌షాట్లలో రెండో మీమ్ కింద ఒకరు ‘ఏసీ బస్సా, నాన్ ఏసీనా?’ అని అడిగారు, మరొకరు కారు బొమ్మ, దాని పక్కన కన్నుగీటే బొమ్మ పెట్టారు. మీమ్‌లో ఎక్కడా లేని కారు ఆ జవాబులోకి వచ్చిందంటే, చదివినవాళ్లు ‘బస్సు’ అన్న మాటను ఏ అర్థంలో తీసుకున్నారో వాళ్లే రాసి ఇచ్చినట్లు. మీ కేసుకు మీమ్ కన్నా ఆ రెండు జవాబులే బలం.

మూడో మీమ్ విషయం వేరు. ఆ వాక్యం విడిగా చూస్తే రెండోదానికన్నా మెత్తగా ఉంది, కానీ అది మీరు ఆపమన్న తర్వాత వచ్చింది. అంతకుముందు ‘ఆమె నొచ్చుకుంటుందని తెలియదు’ అని అతను అనవచ్చు, ఆ తర్వాత అనలేడు. మీరు నోటితో చెప్పారా, సందేశం పంపారా అన్నది రాయలేదు. నోటితోనే అయితే, ఇప్పుడైనా ‘బస్సు గురించి మీరు పెడుతున్న మీమ్‌లు నాకు అవమానకరంగా ఉన్నాయి, ఇకమీదట పెట్టవద్దు’ అని రెండు వాక్యాలలో అతనికి సందేశం పంపండి. కోపంతో నాలుగు తిట్లు కలిపారంటే, రేపు వాళ్ల వకీలు ముందుగా చదివేది వాటినే.

ఆ సందేశం పంపకముందే సాక్ష్యం భద్రపరచుకోండి, పంపిన మరుక్షణం అతను అందరికీ కనబడకుండా తుడిచివేయవచ్చు. మీమ్ ఒక్కటే కత్తిరించిన స్క్రీన్‌షాట్ పనికిరాదు. తేదీ, సమయం, పంపినవారి నంబరు, కింది జవాబులు వరసగా కనిపించాలి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ ద్వారా ఆ భాగాన్ని ఫైలుగా దాచండి, ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. కోర్టులో దీన్ని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతపరచాలి.

ఇక దారులు. పరువునష్టం కేసును పోలీసులు నేరుగా నమోదు చేయరు, మీరే మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. స్త్రీ గౌరవాన్ని అవమానించే ఉద్దేశంతో అన్న మాటలకు వర్తించే భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద పోలీసు స్టేషన్‌కు వెళ్లవచ్చు, కానీ అక్కడ ఆ ఉద్దేశాన్ని సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి. ఈ మూడు క్యాప్షన్లతోనే శిక్ష పడుతుందని నేను హామీ ఇవ్వలేను.

నా ఉద్దేశంలో మీకు ముందుగా తగిన చోటు, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం. లైంగిక ఛాయలున్న వ్యాఖ్యలు మీకు ఇష్టం లేకుండా రావడమే అందులో ప్రధానం, బూతు ఉండాలన్న నియమం లేదు. పదిమంది, అంతకుమించి పనిచేసే ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా తక్కువైతే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. చివరి మీమ్ పెట్టిన నాటి నుంచి మూడు నెలల లోపల, ఆధారాలతో కలిపి ఆరు ప్రతులుగా ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదని ఆ చట్టమే చెబుతుంది.

మీ మేనేజరు మీద పడిన నింద కూడా ఇదే కాబట్టి, ఆ రాత్రి మిమ్మల్ని ఎక్కడ, ఎన్ని గంటలకు దించారో చెప్పడానికి ఆయన అవసరమైన సాక్షి. ఒకవేళ ఆయన కమిటీలో సభ్యుడైతే, ఈ ఫిర్యాదు విచారణ నుంచి తప్పుకోవాలని దరఖాస్తులోనే కోరండి.