రెండు బొమ్మలకూ అన్ని మార్కులూ సమానమైతే ఏది పైన పెట్టాలి?

"సార్, బీటెక్ అయ్యాక ఏఐ బొమ్మలకు ర్యాంకులిచ్చే పనిలో ట్రైనింగ్‌లో ఉన్నాను. ప్రాంప్ట్‌కు ఎంత సరిపోయింది, ఎంత సహజంగా ఉంది, క్వాలిటీ ఎలా ఉంది అని మూడింటికీ ఐదేసి మార్కులు. ఒక్కోసారి రెండు బొమ్మలకు మూడింట్లోనూ ఒకే మార్కు వస్తుంది, టై పెట్టే ఆప్షన్ లేదు. నాకు నచ్చింది పైన పెడితే ఆడిట్‌లో వెనక్కి వస్తోంది. ఏం చేయాలి?"

చూడమ్మా, ఐదుకు నాలుగు అంటే చాలా వెడల్పైన గది. ఐదుకు కాస్తలో తప్పిపోయిన బొమ్మా, మూడు నుంచి బొటాబొటీగా గట్టెక్కిన బొమ్మా రెండూ అందులోనే కూర్చుంటాయి. కాబట్టి మార్కులు సమానం అనగానే బొమ్మలు సమానం అనుకోకు. ఆ ఒక్క మార్కు దేనికి తగ్గించావో ప్రతి బొమ్మకూ ఒక ముక్కలో రాసుకో. చాలా టైలు అక్కడే విడిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రాంప్ట్: 'ఎర్రచీర కట్టుకున్న పెద్దావిడ సంతలో మామిడికాయలు బేరమాడుతోంది.' రెండు బొమ్మల్లోనూ ఎర్రచీర ఉంది, పెద్దావిడ ఉంది, కాయలున్నాయి, రెండింటికీ 4, 4, 5 ఇచ్చావనుకో. మొదటి బొమ్మలో సహజత్వానికి మార్కు ఎందుకు పోయింది? వెనకాల దుకాణం బోర్డు మీద అక్షరాలు ఏ భాషా కాదు. రెండోదాంట్లో ఎందుకు పోయింది? కాయ పట్టుకున్న చేతిలో బొటనవేలు కాయలోకి కలిసిపోయింది. మార్కు ఒకటే పోయినా తప్పులు ఒకే బరువువి కావు, బోర్డును వెతికితే తప్ప చూడరు, చేతి మీదికి మాత్రం కళ్లు ముందే వెళ్తాయి, ఎందుకంటే కథంతా జరిగేది ఆ చేతి దగ్గరే.

ఇక ప్రాంప్ట్‌లో క్రియను చూడు. వస్తువులన్నీ ఉన్నాయా అని లెక్కపెట్టుకుని మార్కు వేసేస్తాం, కానీ అడిగింది 'బేరమాడుతోంది' అని. మొదటి బొమ్మలో ఆవిడ అమ్మేవాడి వైపు తిరిగి చెయ్యి చాపి ఏదో అంటోంది, రెండోదాంట్లో కాయ చేత్తో పట్టుకుని కెమెరా వైపు నవ్వుతోంది. అంటే మొదటిదే పైన. దీనికి నీ ఇష్టంతో పని లేదు, ఎవరికైనా చూపించగలిగే కారణం ఉంది.

ఇంత చేసినా తేలకపోతే, నీ పని రెండు బొమ్మలను పోల్చడమే కాదు, చాలా బొమ్మలకు వరుస కట్టడం కాబట్టి, మూడో బొమ్మను సాక్షిగా తెచ్చుకో. టై అయిన రెండింటినీ విడివిడిగా ఆ మూడోదాంతో పోల్చు. ఒకటి దాన్ని తడుముకోకుండా ఓడించి, రెండోది కష్టం మీద గెలిస్తే, మొదటిది పైన. ఇది మూడో బొమ్మ ఈ రెండింటికీ దగ్గర్లో ఉన్నప్పుడే పనికొస్తుంది, మరీ చెత్తగా ఉంటే రెండూ సులువుగా గెలుస్తాయి, నీకేమీ తెలియదు.

ఆడిట్‌లో వెనక్కి వచ్చేవి ఎక్కువగా ఎలాంటివంటే, ఎడమ పక్కన ఉందని పైన పెట్టినవి, రంగులు గాఢంగా మెరిసిపోతున్నాయని పెట్టినవి. స్క్రీన్ మీద చిన్నగా చూస్తే గాఢమైన రంగు తరచూ గెలుస్తుంది, కాబట్టి ఫుల్ సైజులో తెరిచి చూడు. వీలుంటే రెండింటి స్థానాలు మార్చి మళ్లీ చూడు. స్థానం మారగానే నీ నిర్ణయం కూడా మారితే, నువ్వు ఎంచుకున్నది బొమ్మను కాదు, చోటును.

నిజంగానే తేడా లేని జతలూ వస్తాయి, వాటికి తేడా కల్పించకు. ఇలా జతలుగా పోల్చిన తీర్పుల నుంచి వరుస కట్టడానికి 1952లో వచ్చిన బ్రాడ్లీ-టెర్రీ పద్ధతిని ఇప్పటికీ వాడతారు, అందులో టైలను కూడా లెక్కలోకి తీసుకునేలా 1967లో రావు, కుప్పర్ మార్పులు చేశారు. అంటే 'సమానం' అన్నది కూడా ఒక సమాచారమే. టై బటన్ లేకపోతే 'కొద్దిగా మెరుగు' లాంటి అతి తక్కువ తేడా ఎంచుకో. అదీ లేకపోతే ఇలాంటివి ఎటు వేయాలో మీ లీడ్‌ని మెయిల్‌లో అడుగు, నోటిమాటగా వద్దు. గైడ్‌లైన్స్‌లో ఏ అంశానికి ముందు ప్రాధాన్యమో రాసి ఉంటే నేను పైన చెప్పినదాని కన్నా అదే ముందు.

కారణం రాసే పెట్టెలో 'మొదటిది బాగుంది' అని రాయకు, రివ్యూవర్‌కి దానివల్ల ఏమీ తెలియదు. 'రెండింటికీ 4, 4, 5. రెండోదాంట్లో తప్పు ప్రధాన పాత్ర చేతిలో ఉంది, పైగా బేరమాడటం కనిపించదు. మొదటిదాంట్లో తప్పు వెనకాల బోర్డుకే పరిమితం' అని రాయి. తర్వాత అలాంటి జతే వస్తే అదే లెక్కన తీర్పు ఇవ్వు, ఈవారం చేతికి బరువిచ్చి వచ్చేవారం బోర్డుకి ఇస్తే మాత్రం ఆడిట్‌లో మళ్లీ వెనక్కి వస్తుంది.