సంతాపం ఎవరికి, సానుభూతి ఎవరికి?

సందేహం: మాస్టారూ, మా రైస్ మిల్లు పెట్టిన పెద్దాయన మొన్న పోయారు. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మిల్లు తరఫున ఫొటో కింద వేయడానికి మరాఠీ ప్రకటన చూసి తెలుగులో ఇలా రాశాం: ‘మా వ్యవస్థాపకుడు శ్రీ... గారి దుఃఖద నిధనం. ఆయనకు ప్రగాఢ సానుభూతి. భావపూర్ణ శ్రద్ధాంజలి.’ ‘సానుభూతి’ తప్పని మా బాబాయి అంటున్నారు. నిజమేనా?

సమాధానం: మీ బాబాయి గారి మాట నిజమే. సానుభూతి అంటే ఎదుటివారి బాధను వారితో పాటు అనుభవించడం. ఆ బాధ ఇప్పుడు పడుతున్నది కుటుంబం. కాబట్టి సానుభూతి భార్యకు, పిల్లలకు చెప్పాలి. సంతాపంలో ఉన్నది తాపం, మన లోపలి మంట. అది మరణం గురించి చెప్పే మాట, అందుకే ‘వారి మృతికి సంతాపం’ అంటాం. ఇక పోయిన మనిషికి నేరుగా ఇచ్చేది నివాళి. పాత తెలుగులో నివాళి అంటే హారతి. పటం ముందు దీపం వెలిగించి నిలబడితే ఆ మాటకు అర్థం కళ్లముందే కనిపిస్తుంది. శ్రద్ధాంజలి కూడా అలాంటిదే, శ్రద్ధతో జోడించిన చేతులు.

‘దుఃఖద నిధన’ మరాఠీలో రోజూ కనబడే మాట. నిధనం సంస్కృతమే అయినా తెలుగు వాడుకలో లేదు, మీ పక్క ఊరి రైతు దాన్ని చదివి ఒక క్షణం ఆగిపోతాడు. ‘భావపూర్ణ’ అంటే మనకు పాటో పద్యమో గుర్తొస్తుంది, చావు కబురు కాదు. రెండూ తీసేయండి.

‘పరమపదించారు’ అంటే వైష్ణవం, ‘శివైక్యం’ అంటే శైవం. మిల్లులో పనిచేసేవాళ్లు అన్ని మతాలవాళ్లూ ఉంటారు, అందుకని ‘కన్నుమూశారు’ అనడమే నయం. క్రియ గౌరవంగా ఉన్నప్పుడు ‘వ్యవస్థాపకుడు’ అంటే పొసగదు, ‘వ్యవస్థాపకులు’ అనాలి. ‘ప్రగాఢ’ కూడా అక్కర్లేదు. ఎవరు పోయినా అదే మాట రాసి రాసి దానికి బరువు పోయింది. మిల్లు ఎంత పెరిగిందో, ఏ ఏ అవార్డులు వచ్చాయో ఇక్కడ రాయకండి, చదివేవాడికి అది ప్రకటనలా వినిపిస్తుంది. నాకైతే ఇలా బాగుంటుందనిపిస్తుంది:

‘నివాళి
మా మిల్లు వ్యవస్థాపకులు శ్రీ... గారు సోమవారం రాత్రి కన్నుమూశారు. వారి మృతికి సంతాపం తెలుపుతున్నాం. కుటుంబ సభ్యులకు మా సానుభూతి.
– మిల్లు యాజమాన్యం, కార్మికులు’

రోజు మాత్రం మీది మీరు సరిచూసుకోండి. పైన ‘నివాళి’కి బదులు ‘శ్రద్ధాంజలి’ కావాలంటే అలాగే పెట్టండి. కానీ ఫ్లెక్సీ షాపులో టైపు చేసేటప్పుడు ‘శ్రద్దాంజలి’ అని ద కింద ద వత్తు పడిపోతుంటుంది. అక్కడ ఉండాల్సింది ధ వత్తు. ప్రింటుకు ఇచ్చే ముందు తెరమీద ఆ ఒక్క అక్షరం పెద్దది చేసి చూడండి.