పలకరింపులకు వేళ చెబుతూ పంపవలసిన సందేశం గురించి

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం మీ నాన్న కాలం చేసినప్పటి నుంచి మీ అమ్మ కంటిమీద కునుకు లేకుండా వచ్చినవారందరి ముందూ కూర్చోవలసి వస్తోందనీ, కర్మ అయ్యేదాకా రాకపోకలు తగ్గించుకోమని బంధువులకూ అపార్ట్‌మెంటువారికీ వాట్సాప్‌లో ఒక సందేశం పంపాలనుకుంటున్నాననీ నిన్న ఫోనులో చెప్పావు. పంపవలసిందే. అయితే నువ్వు చదివి వినిపించిన "దయచేసి ఎవరూ ఇంటికి రావద్దు" అన్న వాక్యం మాత్రం తీసెయ్యి. మన చిత్తూరు వైపు పెళ్లికి పిలవకపోతే వెళ్లరు గానీ, చావు కబురు తెలిస్తే మాటలు లేనివారు కూడా పిలవకుండానే గడప తొక్కుతారు. అలా వచ్చేవారిని రావద్దంటే ఆ మాట ఏళ్ల తరబడి మనసులో పెట్టుకుంటారు. కనుక రావద్దని అనకుండా, ఎప్పుడు రావాలో చెప్పు.

నాకు తెలిసి మీ అమ్మను ఎక్కువగా కుంగదీస్తున్నది వచ్చే జనం కాదు, వచ్చిన ప్రతివారూ అడిగే "ఎట్లా జరిగింది?" అన్న ప్రశ్న. ఆ తెల్లవారుజాము సంగతి ఆమె మొదటి నుంచి చివరిదాకా ప్రతిసారీ చెప్పవలసి వస్తోంది. విన్నవారు "ముందే ఆసుపత్రికి తీసుకుపోయుంటే" అని ఒక మాట కలిపి లేచిపోతారు, ఆ మాట ఆమె దగ్గర మిగిలిపోతుంది. అందుకని జరిగినదేమిటో రెండు వాక్యాల్లో సందేశంలోనే రాసేస్తే, అడగవలసిన అవసరం సగం తీరుతుంది. ఆరోగ్యం గురించి ఉన్నదే రాయి. డాక్టరు చెప్పని మాటను డాక్టరు చెప్పాడని రాస్తే, ఆ డాక్టరునే ఎరిగిన బంధువు ఎవరో ఒకరు తప్పక ఉంటారు.

సందేశం కింద నీ పేరు గానీ నీ భార్య పేరు గానీ ఒక్కటే ఉండకూడదు. కొత్త కోడలి పేరుతో వెళ్తే, "వచ్చి రెండేళ్లు కాలేదు, అప్పుడే తలుపులు మూయిస్తోంది" అని నింద ఆ పిల్ల మీద పడుతుంది. మీ చిన్నాయన పేరుతో వెళ్తే అది ఇంటి పెద్ద చెప్పిన మాట అవుతుంది, ఎవరూ ఎదురు చెప్పరు. ఆయన్ను అడిగి, ఇలా రాయి:

"మా అన్నగారు ఆదివారం తెల్లవారుజామున గుండెపోటుతో కాలం చేశారు. ఆసుపత్రికి తీసుకువెళ్లేలోపే ప్రాణం పోయింది. అంత్యక్రియలు ఆ సాయంత్రమే జరిగాయి. కబురు తెలిసిన వెంటనే వచ్చి మాకు అండగా నిలిచిన మీ అందరికీ నమస్కారాలు. మా వదినగారికి షుగరు ఉంది. వేళకు భోజనం, నిద్ర లేక నీరసించారు. అందుచేత పలకరించడానికి వచ్చేవారు బుధవారం నుంచి సాయంత్రం 4 నుంచి 6 గంటల మధ్య రావలసిందిగా కోరుతున్నాము. ఆ వేళలో నేను ఇంటి వద్దే ఉంటాను. వదినగారికి బదులు నాకు ఫోన్ చేయండి. పదకొండో రోజు, అంటే వచ్చే వారం బుధవారం, కర్మకు అందరూ తప్పక రావాలి."

చివరి వాక్యం మరిచిపోవద్దు. ఇప్పుడు ఆగమన్నవారికి రావలసిన రోజు ఒకటి చూపిస్తేనే ఆగమన్న మాట మర్యాదగా ఉంటుంది.

అపార్ట్‌మెంటువారికి ఇదే పంపితే చాలదు. వాళ్లు ఐదు నిమిషాలకని వచ్చేవారే గానీ, ఉదయం కాఫీ ఫ్లాస్కు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఖాళీ గిన్నెల కోసం మూడుసార్లు కాలింగ్ బెల్ కొడతారు. అన్నం వద్దనకూడదు, మైల ఇంట్లో పొయ్యి వెలిగించని రోజుల్లో పక్కింటి అన్నమే ఆధారం కదా. ఎదురింటి ఆవిడను ఒక్కరిని అడిగి, పంపేవారంతా ఆమె ఇంట్లో ఇచ్చేటట్టు, ఆమె ఒకేసారి తెచ్చి ఇచ్చేటట్టు ఏర్పాటు చేసి, ఆ సంగతి వారి గ్రూపులో విడిగా రాయి. అమ్మకు పెట్టే అన్నంలో స్వీట్లు వద్దని కూడా ఆమెతో చెప్పు.

సందేశం అందనివారూ, అందినా చదవనివారూ ఉంటారు. పలమనేరు, పుంగనూరు వైపు నుంచి ముసలివాళ్లు పొద్దున బస్సుకు బయలుదేరి తిరుపతిలో దిగుతారు. అంత దూరం వచ్చినవారిని 4 గంటలు కాలేదని కింద కూర్చోబెట్టవద్దు; వాళ్లకు వేళ లేదు. మీ అమ్మతో ఒక్క నిమిషం కళ్లు తుడుచుకోనిచ్చి, తరువాత చిన్నాయన దగ్గర కూర్చోబెట్టు. మీ మేనత్తకూ, మీ అమ్మ చిన్ననాటి స్నేహితురాలికీ కూడా ఈ వేళలు వర్తించవని ఫోన్ చేసి చెప్పు, లేకపోతే సందేశం చూసి వెనకాడతారు. వాళ్లు పక్కన ఉంటేనే ఆమె రెండు ముద్దలు తింటుంది.

ఈరోజు మంగళవారం కాబట్టి పలకరింపుకు ఎవరూ రారు. ఆగినవారంతా రేపు పొద్దున్నే ఒక్కసారిగా వస్తారు, శుక్రవారం మరునాడూ అంతే. అందుకని సందేశం ఈ సాయంత్రంలోపే వెళ్లాలి. వాచ్‌మన్‌కు మాత్రం "లోపలికి పంపొద్దు" అని చెప్పకుండా, "చిన్నాయనకు ఫోన్ చేసి పంపు" అని చెప్పి ఆయన నంబరు ఇవ్వు.

మీ పెద్దమ్మ